ఏడు బార్ల ఒత్తిడి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి మా కాలేజీలో అందరికీ తెలుసు. పిల్లలు నాకు మిరపకాయ అని పేరు పెట్టుకున్న సంగతి నాకూ తెలుసు, తెలియనట్టే తిరుగుతుంటాను. కోపిష్టివాళ్ళ మనసు వెన్న అని మాలాంటివాళ్ళం మమ్మల్ని మేమే ఊరడించుకునే మాట ఒకటుంది. వెన్నా లేదు, మట్టీ లేదు. నోరు జారినప్పుడు ఆ మాట ఎవరి మీద పడిందో వాళ్ళకే తెలుస్తుంది దాని బరువు.

ఆ శనివారం వృక్షశాస్త్రం ప్రాక్టికల్ పరీక్షలో ఒక ఆడపిల్ల జవాబు కాగితం మీద నేను ఎర్రసిరాతో "కల్పిత లెక్క. సున్నా" అని అడ్డంగా రాశాను. రాసి ఊరుకున్నానా అంటే అదీ లేదు. తరగతి మొత్తానికీ వినబడేలా చదివాను.

ఆ పిల్లని తోటివాళ్ళు నత్త అంటారు. ఏ పనైనా అందరికన్నా చివర ముగిస్తుంది మరి. పదిమంది పరికరాలు కడిగి బయటికి పోయాక కూడా ఆమె మైక్రోస్కోపు మీద వంగి కణాలు లెక్కపెడుతూ ఉంటుంది. తల్లి బట్టలు కుడుతుంది. తండ్రి లేడు. ఈ ఏడాది ఆ పిల్లకి విత్తన పరిశోధనా కేంద్రంలో పై చదువుకి సీటు వచ్చింది, ఫీజు కూడా వాళ్ళే భరిస్తారు. ఒకటే షరతు. మా ప్రాక్టికల్ మార్కుల జాబితా సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికల్లా వాళ్ళకి చేరాలి, అందులో ఆమె పేరు పక్కన సున్నాగానీ "కల్పితం" అన్న మాటగానీ ఉండకూడదు. ఉంటే సీటు పోయినట్టే. ఇదంతా తెలిసే రాశాను నేను.

ఇంతకీ పరీక్ష ఏమిటంటే, బీట్‌రూట్ కణాల నీటి శక్మం కనుక్కోవడం. శక్మం అంటే భయపడక్కర్లేదు. నీరు ఎటు పోవాలనుకుంటుందో చెప్పే అంకె అది. స్వచ్ఛమైన నీటికి సున్నా. అందులో చక్కెర కలిపితే అంకె సున్నా కన్నా కిందికి దిగుతుంది, దాన్ని ద్రావిత శక్మం అంటాం. కణం లోపల నీరు నిండి గోడని బయటికి నెడుతుంటే అంకె పైకి లేస్తుంది, అది పీడన శక్మం. రెండూ కలిపితే నీటి శక్మం. నీరు ఎప్పుడూ ఎక్కువ అంకె నుంచి తక్కువ అంకెకి పోతుంది. పల్లానికి పోయినట్టే.

బీకర్లో చక్కెర నీళ్ళకి గోడలు లేవు, నెట్టేవాడు లేడు, కాబట్టి దాని పీడనం సున్నా. దాని నీటి శక్మమూ ద్రావిత శక్మమూ ఒకటే. ఆ అంకెకి ఒక సూత్రం ఉంది: ఎన్ని ముక్కలుగా విడిపోతుంది, ఎంత గాఢత, వాయు స్థిరాంకం, ఉష్ణోగ్రత, ఈ నాలుగూ గుణించి ముందు మైనస్ పెట్టాలి. ఉప్పయితే నీళ్ళలో రెండు ముక్కలవుతుంది కనుక రెండుతో గుణించాలి. చక్కెర విడిపోదు, దానికి ఒకటే. మా ల్యాబ్‌లో వేడి ఇరవై ఏడు డిగ్రీలు, దానికి రెండువందల డెబ్భై మూడు కలిపితే మూడువందలు. వాయు స్థిరాంకం 0.0831. రెండూ గుణిస్తే 24.93, మేం లెక్కకి ఇరవై అయిదు అనుకుంటాం. అంటే 0.4 మోలార్ చక్కెర నీళ్ళకి 0.4 ఇంటూ ఇరవై అయిదు, మైనస్ పది బార్లు. బారు అంటే ఒత్తిడి కొలత, దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత. మిగతావన్నీ ఇలాగే.

సున్నా నుంచి 0.6 మోలార్ దాకా ఏడు బీకర్లు పెడతాం. బీట్‌రూట్ ముక్కలు తూచి ఒక్కోదాన్లో వేసి గంటన్నర తర్వాత మళ్ళీ తూచాలి. బరువు పెరిగితే నీరు లోపలికి పోయినట్టు, తగ్గితే బయటికి వచ్చినట్టు. ఏ గాఢత దగ్గర బరువు పెరగదో తరగదో అక్కడ ముక్కకీ నీళ్ళకీ అంకె సమానం. అదే ముక్క నీటి శక్మం. తర్వాత సన్నటి పొరలు అవే ద్రావణాల్లో పెట్టి మైక్రోస్కోపులో చూడాలి. బీట్‌రూట్‌కి ఆ ఎర్రరంగు ఉండటం మన అదృష్టం, కణం లోపలి సంచి గోడ నుంచి ఊడి ముడుచుకుంటే కంటికి కనబడుతుంది. సగం కణాల్లో అలా ఊడటం మొదలైన చోట గోడ మీద ఒత్తిడి పోయినట్టు లెక్క, అక్కడి అంకె కణం ద్రావిత శక్మం. ఇక మిగిలింది తీసివేత.

నా మాదిరి రికార్డు ల్యాబ్ గోడకి అంటించి పన్నెండేళ్ళయింది. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది పొలం నుంచి అప్పుడే తవ్వి తెచ్చిన దుంపలతో చేశాను. బరువు ఆగింది 0.4 దగ్గర, మైనస్ పది. సగం కణాలు ముడుచుకున్నది 0.5 దగ్గర, మైనస్ పన్నెండున్నర. పీడనం ఎంత? మైనస్ పది నుంచి మైనస్ పన్నెండున్నర తీసేస్తే ప్లస్ రెండున్నర. ఏటేటా పిల్లలంతా ఇవే అంకెలు తెస్తారు. నేను ఏటేటా టిక్కు పెడతాను.

ఈసారీ ఇరవై నాలుగు మందిలో ఇరవై ముగ్గురు మైనస్ పదే తెచ్చారు. నత్త మాత్రం మైనస్ అయిదు తెచ్చింది.

మొదట మర్యాదగానే అడిగాను, మళ్ళీ చూసుకోమన్నాను. చూసుకున్నానంది. గాఢత తప్పు చదివావేమో అన్నాను. సీసా మీద చీటీ చదివి మరీ పోశానంది. గొంతు పెంచలేదు, తల దించలేదు. ఆ దించకపోవడమే నాకు ఒళ్ళు మండించింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నట్టు మాట్లాడుతోందనుకున్నాను. ఆ సామెత ఎవరికి తగులుతుందో అప్పుడు నాకు తట్టలేదు.

"ఇరవై ముగ్గురికి ఒక మాట చెప్పి, నీకొక్కదానికీ ఇంకో మాట చెప్పడానికి ఆ బీట్‌రూట్ నీకేమైనా మేనత్తా?" అన్నాను.

తరగతంతా గొల్లున నవ్వింది. నాకూ ఆ నవ్వు బాగానే ఉంది, అబద్ధం ఎందుకూ. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. నేను ఎర్రసిరా తీశాను. ఆ తర్వాత పెద్దమనసు చేసుకున్నట్టు, సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి సరైన రికార్డు పట్టుకుని రమ్మన్నాను. సరిగ్గా ఉంటే సున్నా సంగతి ఆలోచిస్తానన్నాను. సరే మేడం అని, అందరికన్నా ముందు బయటికి పోయింది. ఆ పిల్ల ముందుగా వెళ్ళడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆదివారం మధ్యాహ్నం మార్కులు వేయడానికి ల్యాబ్‌కి వెళ్ళాను. అటెండరు బాబాయి తాళం తీసి పెట్టాడు. ఆయన నాకు చుట్టమేం కాదు, పాతికేళ్ళుగా ఆ ల్యాబ్‌లో ఉన్నాడు కాబట్టి అందరికీ బాబాయే. ముందు నత్త కాగితం తీశాను. సోమవారం ఆ పిల్ల వచ్చి వాదిస్తే ఎక్కడ తప్పుందో వేలు పెట్టి చూపించాలని నా ఉబలాటం.

బరువుల పట్టిక చూశాను. సున్నాలోనూ 0.1లోనూ ముక్క పెరిగింది. 0.2లో 4.86 గ్రాములు వేస్తే 4.86 గ్రాములే వచ్చింది. 0.3 నుంచి తగ్గుతూ పోయింది. ఎక్కడా గెంతు లేదు, మెల్లగా, పద్ధతిగా ఉంది. వండిన లెక్క ఇంత పద్ధతిగా ఉండదు. వండేవాళ్ళు అందమైన అంకెలు వేస్తారు, ఈమెవి పంటి కింద రాళ్ళలాంటి అంకెలు. కణాల లెక్క కూడా ఉంది. ఒక్కో పొరలో వంద కణాలు లెక్కపెట్టింది. 0.4లో పదకొండు, 0.5లో అరవై. గ్రాఫు గీస్తే సగం దగ్గర 0.48 వచ్చింది. దాన్ని ఇరవై అయిదుతో గుణిస్తే ద్రావిత శక్మం మైనస్ పన్నెండు.

మైనస్ అయిదు నుంచి మైనస్ పన్నెండు తీసేశాను. ప్లస్ ఏడు.

ఇదిగో దొరికావు అనుకున్నాను. బజారు నుంచి వచ్చి మూడు రోజులు స్టోరు గదిలో పడున్న దుంపలో ఏడు బార్ల ఒత్తిడి ఎక్కణ్ణుంచి వస్తుంది? లారీ టైర్లో ఉండేంత గాలి ఒత్తిడి అది. వాడిన దుంపలో సున్నా ఉండాలి. ఏడు రావాలంటే దాన్ని ఎవరో నీళ్ళలో...

చేతిలో పెన్ను అలాగే ఆగిపోయింది.

"బాబాయ్, శుక్రవారం సాయంత్రం దుంపలు ఎలా ఉన్నాయి?"

"మెత్తబడ్డాయి కదమ్మా. మీరే పారేయొద్దన్నారు. సగానికి కోసి బేసిన్లో నీళ్ళు పోసి మీరే వేశారు. పొద్దున్నకి గట్టిగా రాళ్ళలా అయ్యాయి."

నేనే వేశాను. వాడిన కూరగాయ కనబడితే నీళ్ళలో వేయడం వంటింట్లో ప్రతి ఆడదానికీ అలవాటే. చేతులు వాటంతటవే చేసేశాయి. పన్నెండేళ్ళుగా నీటి శక్మం పాఠం చెప్పే మనిషిని, ఆ పని చేస్తూ ఒక్కసారి కూడా ఆ పాఠం గుర్తు తెచ్చుకోలేదు. దుంప రాత్రంతా నీళ్ళు తాగింది. లోపలి చక్కెర కొంచెం పలచబడింది, గోడ మీద ఒత్తిడి పెరిగింది. కణం తన ధర్మం తాను చేసింది. పిల్ల తన కళ్ళతో చూసిందే రాసింది.

అప్పటికీ నా అహం ఒప్పుకోలేదు. స్టోరులో సంచి అడుగున నీళ్ళలో వేయని దుంపలు నాలుగు మిగిలాయి. నానబెట్టిన వాటిలో మిగిలిన రెండు సగాలని బాబాయి తడి తుడిచి కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాడు. రెండు రకాలతోనూ నేనే ప్రయోగం చేశాను. వాడినదానికి బరువు ఆగిందీ, కణాలు సగం ముడుచుకున్నదీ ఒక్కచోటే, 0.52 దగ్గర. నీటి శక్మం మైనస్ పదమూడు, ద్రావిత శక్మం మైనస్ పదమూడు, పీడనం సున్నా. నానినదానికి 0.2, 0.48. మైనస్ అయిదు, మైనస్ పన్నెండు, ప్లస్ ఏడు. నత్త కాగితాన్ని అద్దంలో చూసినట్టుంది.

మిగతా ఇరవై మూడు కాగితాలూ బల్ల మీద పరిచాను. ఆ దుంప వాడినా మైనస్ పది రాదు, నానినా రాదు. మైనస్ పది వచ్చే చోటు ఒకటే, ల్యాబ్ గోడ మీద నా మాదిరి రికార్డు. ఇరవై ముగ్గురూ త్రాసు వైపు చూడలేదు, గోడ వైపు చూశారు. ఏటేటా చూస్తూనే ఉన్నారు. నాకిష్టమైన అంకె తెస్తే మార్కులు పడతాయని వాళ్ళకి తెలుసు, వాళ్ళకి ఆ తెలివి నేర్పింది నేనే. నిజం రాసింది ఒక్కతే. సున్నా ఒక్కదానికే. నాకు సిగ్గేసింది, భయమేసింది. బాబాయి టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళాడు. అది చల్లారిపోయింది.

సాయంత్రం ప్రిన్సిపాల్ గారింటికి వెళ్ళాను. ఆయన కాలేజీ ఆవరణలోనే ఉంటాడు. మొత్తం చెప్పాను. ఆయన అంతా విని, దానికింత ఆయాసం ఎందుకన్నాడు. ఆ పిల్లకి పూర్తి మార్కులు వేసేయండి, కాగితం మార్చి పెట్టండి, కూడికలో పొరపాటని ఒక ముక్క రాయండి, పని అయిపోతుంది. మిగతావాళ్ళ జోలికి పోతే కదిలిస్తే కంపే. కాలేజీ పరువూ పోతుంది, మీ పరువూ పోతుంది అన్నాడు. ఆ చివరి మాట నాకు బాగా ఎక్కింది. సరేనని లేచాను. తిరిగి వస్తూ ఒళ్ళు తేలికైనట్టు కూడా అనిపించింది. దానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఇంటికొచ్చి ఆ పిల్ల ఫోను నంబరు తీశాను. ఇప్పుడే చెప్పేస్తే ఆ ఇంట్లో ఒక పూట ఏడుపు తగ్గుతుంది అనుకున్నాను. అక్కడిదాకా నా ఉద్దేశం మంచిదే.

తల్లి ఎత్తింది. వెనక కుట్టుమిషను చప్పుడు వినబడి ఆగిపోయింది. నేనని తెలియగానే ఆవిడ నన్ను నోరు తెరవనివ్వలేదు.

"పిల్ల తప్పు చేసింది మేడం. నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. నేనే బాగా తిట్టాను, పెద్దవాళ్ళ ఎదురు మాట్లాడొచ్చా అని. మీరు కడుపులో పెట్టుకోవాలి. దానికి ఈ సీటు తప్ప ఇంకో దారి లేదు."

అప్పుడు చెప్పాల్సింది. మీ పిల్ల తప్పేం చేయలేదమ్మా, తప్పు నాది అని. రెండు మాటలే. కానీ నా ముందు ఆవిడ చేతులు జోడించి నిలబడ్డట్టుంది, నేను పెద్ద కుర్చీలో కూర్చున్నట్టుంది. ఆ కుర్చీలోంచి దిగడం నాకు చేతకాలేదు. తేలు కుట్టిన దొంగలా ఊ కొట్టాను. చివరికి "సరేలెండి, రేపు తొమ్మిదింటికి పంపించండి" అన్నాను. ఆవిడ నాకు దణ్ణాలు పెట్టి, మీరు చల్లగా ఉండాలి అని దీవించి ఫోను పెట్టేసింది. నేను చేసిన తప్పుకి వాళ్ళు క్షమాపణ అడిగితే, నేను ఉదారంగా పుచ్చుకున్నాను. ఇంతకన్నా దిగజారడం ఏముంటుంది?

సోమవారం ఎనిమిదిన్నరకే ల్యాబ్‌లో ఉన్నాను. ఏం చెప్పాలో దారిపొడుగునా అనుకుంటూ వచ్చాను. అందులో కూడా నన్ను నేను కొంచెం మంచిదాన్నిగా కనబడేలా సర్దుకుంటూనే వచ్చాను. తొమ్మిదికి పిల్ల వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తల దువ్వుకుని, ఉతికిన బట్టలు వేసుకుని, ఎవరింటికో పనడగడానికి వచ్చినట్టు వచ్చింది. సంచిలోంచి కొత్త రికార్డు తీసి రెండు చేతులతో నా ముందు పెట్టింది.

తెరిచాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కొట్టివేత ఒక్కటి లేదు. 0.4 మోలార్, మైనస్ పది. 0.5 మోలార్, మైనస్ పన్నెండున్నర. ప్లస్ రెండున్నర. బరువుల పట్టికలో అందమైన, గుండ్రటి అంకెలు.

"ఇది ఎప్పుడు చేశావమ్మా?" అన్నాను.

"ఆ రోజు నేను తప్పుగా చూశాను మేడం. బరువు 0.4 దగ్గరే ఆగింది. ఇప్పుడు సరిగ్గా వేశాను."

నేర్చుకొచ్చిన పాఠంలా అప్పజెప్పింది. కింద చూసి చెప్పింది. శనివారం నా ముందు తల దించని పిల్ల. నిన్న ఫోన్లో నేను ఆ రెండు మాటలూ చెప్పి ఉంటే ఈ రికార్డు పుట్టేది కాదు. రాత్రి ఎవరి పుస్తకమో అడిగి తెచ్చుకుని, స్కేలు పెట్టి గీతలు గీసుకుని, ఆ అబద్ధాన్ని అంత శ్రద్ధగా రాసుకుంటుంటే, పక్కన తల్లి సంతోషపడి ఉంటుంది.

ఆమె పాత కాగితం తీసి ముందు పెట్టాను. నేను సర్దుకుని వచ్చిన మాటలన్నీ ఎగిరిపోయాయి. శుక్రవారం దుంపలు నీళ్ళలో వేసింది నేనేననీ, నిన్న నేను చేసినా అదే ఏడు వచ్చిందనీ, మొత్తం తరగతిలో సరైన అంకె ఆమెది ఒక్కటేననీ గబగబా చెప్పేశాను. నిన్న సాయంత్రం ఫోను చేసినప్పటికే ఇదంతా నాకు తెలుసని కూడా చెప్పాను. అది చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది.

సంతోషిస్తుందనుకున్నాను. కనీసం ఏడుస్తుందనుకున్నాను. ఆ ఎర్రసిరా గీతని వేలితో తడిమింది.

"నాకు తెలుసు మేడం. మూడుసార్లు తూచాను, అదే వచ్చింది. తెలిసే మార్చాను" అంది.

"నేను మార్పించాను తల్లీ. నువ్వు కాదు" అన్నాను.

పిల్ల ఆ కొత్త రికార్డు మెల్లగా మూసి సంచిలో పెట్టుకుంది. జాబితాలో ఆమె పేరు పక్కన పూర్తి మార్కులు ఆమె కళ్ళ ముందే వేశాను. ఇక నీ సీటుకి ఏ బాధా లేదన్నాను. థాంక్స్ మేడం అంది. ఇందాక పాఠం అప్పజెప్పిన గొంతే అది.

పరువు సంగతి అప్పుడు నిజంగా మరిచిపోయాను. నేరుగా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళి, మిగతా ఇరవై మూడు కాగితాలూ నేను రద్దు చేస్తున్నానన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి, మీకు మతి పోయిందా అన్నాడు. పోలేదు, ఇప్పుడే వచ్చింది అన్నాను. విత్తన కేంద్రానికి ఆ ఒక్క పిల్ల మార్కులు పన్నెండింటికే పంపుతాననీ, మిగతావి సాయంత్రమనీ చెప్పి, దుంపలు నానబెట్టింది నేనేననీ, తప్పుడు సున్నా వేసింది నేనేననీ కాగితం మీద రాసి సంతకం పెట్టిచ్చాను. ఆయన దాన్ని ఎండలో పెట్టిన గాజుముక్కలా దూరంగా పట్టుకుని చదివాడు. దీని మీద విచారణ ఉంటుందని హెచ్చరించాడు. ఉండనివ్వండన్నాను.

పదింటికి పిల్లలంతా ల్యాబ్‌లో చేరారు. శనివారం ఎక్కడ నిలబడి నవ్వించానో అక్కడే నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. గోడ మీద నా మాదిరి రికార్డు పీకి బుట్టలో వేశాను. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఇద్దరు మగపిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. రావడానికి మొహమేదీ? ఆదివారం ప్రిన్సిపాల్ గారింటికి పోయేముందు నేను చెప్పి పెట్టినట్టే బాబాయి మూడు రకాల దుంపలు సిద్ధం చేశాడు, వాడినవి, నానినవి, పొద్దున్నే తాజాగా తెచ్చినవి. ఏ బల్లకి ఏ రకం పెట్టాడో నన్ను కూడా చూడనివ్వొద్దన్నాను. ఆయన అలాగే చేశాడు. అంకె ఎంత వస్తే అంతే రాయండి, నాకు తెలిసిన అంకె ఏదీ లేదు ఈ రోజు అన్నాను.

నత్త చేయక్కర్లేదు, ఆమె పరీక్ష అయిపోయింది. ఆ మాటే చెప్పాను. అందరూ చేస్తున్నారు కదా మేడం, నేనూ చేస్తాను అంది. చివరి బల్ల దగ్గరికి పోయి బీకర్లు వరసగా పెట్టుకుంది.

గంటన్నర గడిచింది. ముక్కలు తీయడం, అద్దుడు కాగితంతో తడి అద్దడం, తూచడం మొదలయ్యాయి. ల్యాబ్‌లో శనివారం లేని గొడవ ఒకటి పుట్టింది. నాకు మైనస్ ఎనిమిదే వచ్చిందే, నీకెలా పదమూడు వచ్చిందీ అని ఒకరినొకరు అడుగుతున్నారు, మళ్ళీ తూస్తున్నారు. పన్నెండేళ్ళలో ఆ గదిలో అలాంటి సందడి నేను వినలేదు. బల్లల మధ్య తిరుగుతూ, ఎవరి కాగితం వైపూ చూడకుండా, చివరి బల్ల దగ్గరికి వచ్చాను.

పిల్ల ముక్కని త్రాసు మీద పెట్టింది. అంకె స్థిరపడేదాకా ఆగింది. తీసి, పళ్ళెం తుడిచి, మళ్ళీ పెట్టింది. మూడోసారి కూడా పెట్టింది. మూడుసార్లూ ఒకటే అంకె వచ్చింది. నేను దూరం నుంచే చూశాను. పట్టికలో ఆ గడి ఖాళీగా ఉంది. పెన్ను గడి మీద పెట్టి, రాయకుండా తల ఎత్తి నా మొహంలోకి చూసింది.

"ఎంత రాయమంటారు, మేడం?" అంది.